ముందు తేదీలు చెప్పండి, తర్వాత మధ్యలో ఒక రోజు అడగండి

ప్రశ్న: మా టీమ్‌లో ఒకాయన ఇవ్వాల్సిన భాగం దాదాపు ప్రతిసారీ గడువు దాటాకే వస్తుంది. అది వస్తే కానీ నా పని మొదలు కాదు, అందుకని చివరి రెండు రోజులు నాకు ఒకటే టెన్షన్. నేను ఆయన పైఅధికారిని కాను, ఇద్దరిదీ ఒకే హోదా. రెండు మూడుసార్లు నవ్వుతూనే అడిగాను, “ఈసారి తప్పకుండా” అన్నారు, ఏమీ మారలేదు. గొడవ కాకుండా, మేనేజర్ దాకా వెళ్లకుండా ఎలా చెప్పాలి?

జవాబు:

ఇద్దరు ముగ్గురి పనులు ఒకదాని మీద ఒకటి ఆధారపడే ఉద్యోగాల్లో చాలా ఏళ్లుగా ఉన్నాను. సరిగ్గా మీ పరిస్థితే నాకూ ఎదురైంది. అప్పుడు ఏం చేశానో, అందులో ఏది పనిచేసిందో, ఏది తప్పయిందో చెబుతాను.

క్లయింట్‌కి ప్రతి నెలా 10వ తేదీ ఉదయం ఒక రిపోర్ట్ వెళ్లాలి. అందులోని అంకెలు నా సహోద్యోగి ఇస్తారు. వాటిని సరిచూసి, విశ్లేషణ రాసి పంపడం నా పని. దానికి నాకు నిండా రెండు రోజులు పడుతుంది. అందుకే అంకెలు 7వ తేదీ సాయంత్రానికి నా చేతికి రావాలని అనుకున్నాం. అవి 8న, 9న, ఒకసారి ఏకంగా 10న వచ్చాయి. రాత్రుళ్లు కూర్చుని పూర్తిచేసేవాణ్ణి. లోపల కోపం పేరుకుపోయింది. “ఈయన ఎప్పుడూ ఇంతే” అనే మాట నాలుక చివరే ఉండేది.

మాట్లాడే ముందు ఒక పని చేశాను. పాత మెయిళ్లు తీసి, గత ఐదు నెలల లెక్క ఒక కాగితం మీద రాసుకున్నాను. ఒక్కో నెలకి మూడు విషయాలే: అనుకున్న తేదీ, నిజంగా వచ్చిన తేదీ, ఆలస్యం అవుతుందని నాకు తెలిసిన తేదీ. మొదటి నెల అంకెలు 9న వచ్చాయి, లేటని తెలిసింది 8న, అదీ నేను అడిగితేనే. రెండో నెల 7నే వచ్చాయి. మూడో నెల 9 సాయంత్రం వచ్చాయి, 7న ఇంటికి బయల్దేరే వేళకి చెప్పారు. నాలుగో నెల 10 ఉదయం వచ్చాయి, తెలిసింది 8న, ఆ నెల రిపోర్ట్ 11న వెళ్లింది. ఐదో నెల 8 మధ్యాహ్నం వచ్చాయి, తెలిసింది 7 సాయంత్రం.

ఈ కాగితం నాకు రెండు విషయాలు చూపించింది. ఒకటి, “ఎప్పుడూ” అనేది అబద్ధం. ఐదింటిలో నాలుగుసార్లు ఆలస్యమైంది, ఒకసారి సమయానికి వచ్చింది. నేను “ఎప్పుడూ ఇంతే” అని మొదలుపెట్టి ఉంటే, ఆయన ఆ రెండో నెల చూపించేవారు. అక్కడి నుంచి మాట అంతా ఆ ఒక్క నెల మీద వాదనగా మారేది. ఆ వాదనలో న్యాయం కూడా ఆయన వైపే ఉండేది.

రెండోది మూడో గడిలో కనిపించింది. నన్ను నిజంగా దెబ్బతీసినది ఆలస్యం కంటే ఆ విషయం తెలియడంలో ఆలస్యం. ఒక్కసారి కూడా 7వ తేదీ సాయంత్రానికి ముందు నాకు తెలియలేదు. 4నో 5నో తెలిసి ఉంటే వేరే పని ముందుకు జరుపుకునేవాణ్ణి, క్లయింట్‌కి ఒక మాట చెప్పేవాణ్ణి, లేదా నేనే వెళ్లి ఓ చెయ్యి వేసేవాణ్ణి. మీరు కూడా ముందు ఈ మూడు గడులూ నింపి చూడండి. మూడో గడి ఖాళీగా ఉంచకండి, పరిష్కారం దొరికేది అక్కడే.

ఆ రాసేటప్పుడే మీ వైపు కూడా ఒకసారి చూసుకోవాలి. అనుకున్న తేదీ ఇద్దరూ ఒప్పుకున్నదేనా, లేక మీరు అనుకుని ఆయనకి చెప్పానని నమ్ముతున్నదా? నేను మొదటి నెల మెయిల్‌లో “వారం చివరికల్లా” అని రాశాను. నాకు అది శుక్రవారం సాయంత్రం. ఆయనకి అది సోమవారం పొద్దున నేను ఆఫీసుకి వచ్చేసరికి. ఆ ఒక్క నెల తప్పులో సగం నాదే. ఇలాంటిది కనిపిస్తే దాన్ని లెక్కలోంచి తీసేయండి, లేదా మాట్లాడేటప్పుడు మీరే ముందుగా ఒప్పుకోండి. నేను ఒప్పుకున్నాను. ఆయన భుజాలు కాస్త వదులయ్యాయని నాకు కనిపించింది.

ఇప్పుడు మాట్లాడటం గురించి. గడువు తప్పిన రోజున మాట్లాడకండి. ఆ రోజు మీరు కోపంగా ఉంటారు, ఆయన ఆ పనిలోనే పీకలదాకా మునిగి ఉంటారు. పని పంపేశాక ఒకటి రెండు రోజులు ఆగి, ఇద్దరే కూర్చోగలిగిన చోట, ముందే చెప్పి వెళ్లండి. “రిపోర్ట్ అంకెల టైమింగ్ గురించి మీతో ఒక పావుగంట మాట్లాడాలండీ, రేపు వీలవుతుందా?” అంటే చాలు. విషయం చెప్పకుండా “మీతో మాట్లాడాలి” అని మాత్రం అంటే, ఆ మనిషి రేపటిదాకా ఏదేదో ఊహించుకుంటూ ఉంటారు. నలుగురూ ఉన్న మీటింగ్‌లో ఈ మాట అసలు ఎత్తకండి. మెసేజ్‌లో కూడా వద్దు, రాతలో గొంతు వినిపించదు.

నేను అన్న మాటలు దాదాపు ఇవి: “గత ఐదు నెలలు చూశానండీ. అంకెలు 7కి అనుకున్నాం. ఒక నెల 7నే వచ్చాయి. మిగతా నాలుగు నెలలు 8 నుంచి 10 మధ్యలో వచ్చాయి. మొదటి నెల నేను తేదీ సరిగ్గా రాయలేదు, అది నా పొరపాటు. నాకు రెండు రోజుల పని ఉంటుంది కాబట్టి మూడు నెలలు రాత్రి కూర్చున్నాను, ఒక నెల రిపోర్ట్ 11న వెళ్లింది. లేటవుతుందని నాకు తెలిసింది ప్రతిసారీ 7 సాయంత్రమో ఆ తర్వాతో. మీ వైపు నుంచి ఏం జరుగుతోందో నాకు తెలియదు. అది వినాలని వచ్చాను.”

ఇందులో ఏముందో, ఏం లేదో గమనించండి. తేదీలున్నాయి, నా పని మీద పడిన ప్రభావం ఉంది. ఆయన స్వభావం గురించి ఒక్క ముక్క లేదు. “బాధ్యత లేదు”, “సీరియస్‌గా తీసుకోవడం లేదు”, “నన్ను పట్టించుకోవడం లేదు” అనేవి మనం చూసినవి కావు, మన ఊహలు. 10వ తేదీ ఉదయం ఫైల్ వచ్చిందన్నది మాత్రం ఇద్దరి మెయిల్‌బాక్సుల్లోనూ ఉంటుంది, దానికి వాదన లేదు. వాస్తవాలు ముందు చెప్పడంలో లాభం ఇదే. ఇద్దరూ ఒప్పుకునే నేల మీద నిలబడి మాట మొదలవుతుంది. కోపం ముందు వస్తే అవతలి మనిషి దానికే జవాబు చెబుతారు, తేదీలకు కాదు.

అలాగని ఐదు నెలల చిట్టా చదివినట్టూ ఉండకూడదు. ఆ కాగితం మీరు తయారవడానికి, ఆయన ముందు పెట్టడానికి కాదు. నేను దాన్ని జేబులోనే ఉంచుకున్నాను. మొత్తం చెప్పడానికి ఒక్క నిమిషం కూడా పట్టకూడదు.

ఆ తర్వాత ఆగాలి. ఇది చెప్పడానికి తేలిక, చేయడానికి కష్టం. చెప్పేసిన వెంటనే ఇబ్బందిగా ఉండి, “పర్లేదులెండి, మీకూ పనులుంటాయి కదా” అని మనమే సర్దేస్తాం. మీరు నవ్వుతూ అడిగిన రెండు మూడుసార్లూ ఇదే జరిగి ఉంటుందని నా అనుమానం. నవ్వుతూ అడిగితే నవ్వుతూ “ఈసారి తప్పకుండా” అనే జవాబే వస్తుంది. ఆ మాటతో ఇద్దరికీ ఆ క్షణం గడిచిపోతుంది, కారణం మాత్రం బయటికి రాదు.

నేను ఆగాను. ఆయన కాసేపు టేబుల్ వైపు చూసి, అప్పుడు చెప్పారు. ఆయనకి అంకెలు మూడు శాఖల నుంచి వస్తాయి. రెండు శాఖలు 3వ తేదీకల్లా పంపిస్తాయి. మూడోది 6 సాయంత్రం పంపుతుంది, అదీ వేరే పద్ధతిలో పట్టికలు కట్టి. వాటిని ఆయన చేత్తో మళ్లీ ఎక్కించుకోవాలి. ప్రతి నెలా “ఈ రాత్రికి అయిపోతుంది” అనుకునేవారట. అవుతుందనుకున్నారు కాబట్టి నాకు చెప్పలేదు. ఐదు నెలలు నేను ఆయనకి బద్ధకం అంటగట్టాను, ఆయనేమో మరొకరి ఆలస్యాన్ని ఒంటరిగా మోస్తున్నారు.

“ఈ రాత్రికి అయిపోతుంది” అనుకోవడం ఆయనొక్కరి బలహీనత కాదు. దీన్ని మనస్తత్వవేత్తలు డానియల్ కానమన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1979లోనే వివరించారు. మన పనికి ఎంతసేపు పడుతుందో అంచనా వేసేటప్పుడు, గతంలో అదే పనికి ఎంతసేపు పట్టిందో వదిలేసి, ఈసారి అన్నీ సాఫీగా సాగినట్టు ఊహించుకుంటాం. 1994లో రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థులు తమ థీసిస్ పూర్తవడానికి సగటున 34 రోజులు పడుతుందన్నారు, నిజానికి 55 రోజులు దాటింది. అన్నీ ఎదురుతిరిగితే ఎన్నాళ్లు పడుతుందని అడిగినప్పుడు వాళ్లు చెప్పిన లెక్క కూడా సగటున 49 రోజుల లోపే. “ఈసారి తప్పకుండా” అని ఆయన మీతో అన్నప్పుడు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు, మనస్ఫూర్తిగా నమ్మే అని ఉంటారు. అందుకే ఇంకా గట్టి మాట తీసుకోవడం వల్ల లాభం లేదు. మాట ఎంత గట్టిగా ఇచ్చినా అంచనా మాత్రం అదే ఉంటుంది. మధ్యలో ఒక రోజు, అంచనాను నిజంతో పోల్చి చూసే చోటు కావాలి.

ఆ చోటు నాకు నా కాగితంలోనే దొరికింది. సమయానికి వచ్చిన ఆ రెండో నెల గుర్తుందా? ఆ నెల 4న వేరే సందేహం ఒకటి వచ్చి నేను ఆయన దగ్గరికి వెళ్లాను. మాటల్లో “అంకెలు ఎంతవరకు వచ్చాయి?” అని అడిగితే, ఆయన అక్కడే ఆ మూడో శాఖకి ఫోన్ చేశారు. వాళ్లు మర్నాడే పంపారు. నేను అది మర్చిపోయాను. తప్పిన నెలలనే తవ్వుతాం, తప్పని నెల ఎందుకు తప్పలేదో ఎవరూ చూడరు. మీ లెక్కలో అలాంటిది ఒక్కటున్నా, ఆ నెల ఏం తేడాగా జరిగిందో ముందు ఆలోచించండి.

అప్పుడు నేను అడిగింది ఇది: “ప్రతి నెలా 4న, పదకొండు గంటలకి, ఒక పది నిమిషాలు కలిసి షీట్ చూద్దామా? ఎవరి అంకెలు వచ్చాయి, ఎవరివి రాలేదు, అంతే. రాకపోతే ఏం చేయాలో అప్పుడే అనుకుందాం.” ఆయన వెంటనే సరేనన్నారు. “నేను మీ పని చెక్ చేస్తాను” అని ఉంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఒకే హోదాలో ఉన్నవాళ్ల మధ్య ఇది నిఘాలా అనిపిస్తే ఆ రోజుతోనే ఆగిపోతుంది. అందుకని నా వైపు నుంచీ ఒకటి జోడించాను. ఆ 4నే నేను కూడా ఆ నెల క్లయింట్ కొత్తగా ఏమైనా అడిగాడా అన్నది చెబుతాను. అంతకుముందు అలాంటివి నేను 7నో 8నో చెప్పేవాణ్ణి, ఆయనకి పని రెట్టింపయ్యేది. అంటే నా ఆలస్యమూ ఒకటి అందులో ఉంది.

4వ తేదీనే ఎందుకంటే, అది లెక్క ప్రకారం వచ్చిన తేదీ. చాలామంది చెక్‌పాయింట్‌ని గడువుకి ముందురోజు పెడతారు. ఆ రోజు తెలిసినా చేయగలిగింది ఏమీ ఉండదు, కంగారు మాత్రం ఒకరోజు ముందే మొదలవుతుంది. వెనక నుంచి లెక్కేయండి: ఆలస్యమని తెలిస్తే మీరు చేయగలిగే పని ఏది, దానికి ఎన్ని రోజులు కావాలి? మా విషయంలో మూడో శాఖ వెంటపడి తెప్పించడానికి ఒక రోజు, ఎక్కించడానికి ఒకటిన్నర రోజు. 7 సాయంత్రం నుంచి వెనక్కి రెండున్నర రోజులు వస్తే 5వ తేదీ ఉదయం. ఒక రోజు అదనంగా ఉంచి 4 అనుకున్నాం. మరీ ముందుకి, 1నో 2నో పెడితే ఇంకా ఏమీ మొదలై ఉండదు, చూడటానికి ఏమీ ఉండదు. రెండు వారాల పనైతే మొదటి వారం పూర్తవకముందే ఒకసారి చూడటం నా అలవాటు.

చూడటం అన్నాను, అడగడం అనలేదు. “ఎంతవరకు అయింది?” అంటే “తొంభై శాతం అయిపోయిందండీ” అనే జవాబు వస్తుంది. ఆ తొంభై శాతం చివరి రోజు దాకా తొంభై శాతంగానే ఉంటుంది, ఎందుకంటే తేలికైనవి ముందు చేసి చిక్కుముళ్లు చివరికి ఉంచుకుంటాం. శాతాలు వద్దు. ఫైల్ తెరిచి ఇద్దరూ చూడండి. మాకైతే మూడు శాఖలకి మూడు వరసలు, నిండినవి ఎన్ని, ఖాళీ ఎన్ని. మీ పనిలో అది పేజీలు కావచ్చు, బొమ్మలు కావచ్చు, పూర్తయిన భాగాలు కావచ్చు. ఏదైనా ముక్కలుగా లెక్కపెట్టగలిగేదిగా ఉండాలి. లెక్కపెట్టడానికి వీల్లేని పనైతే, సగంలో ఉన్న చిత్తుప్రతే చూపించమని అడగండి.

వెనకబడితే ఏం చేయాలో కూడా ముందే అనుకోకపోతే, ఆ పది నిమిషాలు “చూద్దాంలెండి” అనడంతో ముగుస్తాయి. మేము అనుకున్నది ఇది: 4న మూడో శాఖ అంకెలు లేకపోతే, ఇద్దరి పేర్లతో వాళ్లకి మెయిల్ వెళ్తుంది. 6 మధ్యాహ్నానికీ రాకపోతే, ఆ వరస “తాత్కాలికం” అని గుర్తు పెట్టి మిగతా రెండింటితో నేను పని మొదలుపెడతాను. 10 మాత్రం కదలదు. కూర్చుని లేచాక ఆయనకో నాకో ఏం గుర్తుందన్న సందేహం రాకుండా, రెండు వాక్యాల మెయిల్ ఎవరో ఒకరు పంపాలి. ఒక నెల నేను, ఒక నెల ఆయన పంపేవాళ్లం. ఎప్పుడూ నేనే పంపితే అది ఫిర్యాదుల ఫైల్‌లా కనిపిస్తుంది.

తర్వాత ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను. మొదటి నెల 4న చూస్తే రెండు శాఖల అంకెలే ఉన్నాయి. మెయిల్ పంపాం, అంకెలు 7 రాత్రి వచ్చాయి, కొద్దిగా లేటే. రెండో నెల సమయానికి వచ్చాయి. మూడో నెల 8 ఉదయం వచ్చాయి, కానీ ఆ సంగతి నాకు 4నే తెలుసు కాబట్టి 8న వేరే పని పెట్టుకున్నాను, ఆ రాత్రి ఇంట్లో ఉన్నాను. మూడో శాఖ తన పట్టిక పద్ధతి మార్చుకోవడానికి ఇంకా కొన్ని నెలలు పట్టింది, అది మా మేనేజర్ మాట్లాడితేనే అయింది. మేనేజర్ వెళ్లింది నా సహోద్యోగి మీద ఫిర్యాదుతో కాదు, ఇద్దరం కలిసి అడిగిన ఒక పనికి.

ఇది పనిచేయని సందర్భాలూ ఉన్నాయి. కారణం ఇంట్లో కష్టమో ఆరోగ్యమో అని బయటపడితే, ఆ రోజు చెక్‌పాయింట్ సంగతి పక్కన పెట్టండి. ముందు ఆ నెల పని ఎలా పంచుకోవాలో చూడండి, ఆయన చెప్పింది మీ దగ్గరే ఉంచుకోండి. కారణం ఆయన మీద మోయలేనంత పని ఉండటమైతే, మధ్యలో చూసుకోవడం వల్ల ఆ విషయం ముందుగా తెలుస్తుంది అంతే, పని తగ్గదు. ఏది ముందు చేయాలో చెప్పగలిగే హక్కు మీ ఇద్దరికీ లేదు. అప్పుడు ఇద్దరూ కలిసి మేనేజర్ దగ్గరికి వెళ్లి “ఈ రెంటిలో ఏది ముందు?” అని అడగడమే దారి.

ఇక ఆయనే ఆ పది నిమిషాలకి రాకుండా వాయిదా వేస్తుంటే, దాన్ని కూడా వాస్తవంగానే చెప్పండి. “4న అనుకున్నాం, రెండు నెలలు కుదరలేదు. వేరే రోజు మీకు వీలుగా ఉంటుందా, లేక ఈ పద్ధతే నచ్చలేదా?” నచ్చలేదంటే ఆయన పద్ధతి అడగండి. గడువుకి ముందే మీకు నిజం తెలిస్తే చాలు, అది ఎలా తెలిసినా ఒకటే. రోజు మార్చాక కూడా రెండు విడతలు ఇలాగే జరిగితే పైకి చెప్పక తప్పదు, కానీ ఆ మాట ముందు ఆయనకే చెప్పండి: “వచ్చే వారం మేనేజర్‌తో రిపోర్ట్ తేదీల గురించి మాట్లాడబోతున్నానండీ. మీరూ ఉంటే బాగుంటుంది. మనం అనుకున్నవి, జరిగినవి, అవే చెబుతాను.” అక్కడ కూడా ఆ మూడు గడుల లెక్కే చెప్పండి, సమయానికి వచ్చిన నెలలతో సహా.